20కి 19 తెచ్చుకుని బెలూన్‌ను మూత్రనాళంలో ఉబ్బించిన విద్యార్థి: యూరినరీ క్యాథెటర్ ఓస్కీ స్టేషన్ డిజైన్

ఓస్కీ అంటే విద్యార్థులు వరుస స్టేషన్ల సర్క్యూట్‌లో తిరుగుతూ, ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పనిని మనిషి బొమ్మ మీదో రోగి దగ్గరో చేసి చూపే పరీక్ష. చాలా కాలేజీల స్కిల్ ల్యాబుల్లో క్యాథెటర్ స్టేషన్‌కు వాడే మార్కుల పట్టీ ఒకే అచ్చులో ఉంటుంది. ఇరవై అంశాలు, ఒక్కోదానికి ఒక మార్కు, 60 శాతం వస్తే పాస్. నమస్కారం పెట్టడం ఒకటి, తన పేరు చెప్పడం ఒకటి, రోగి పేరు అడగడం ఒకటి, తెర లాగడం ఒకటి, ప్యాకెట్ మీద తేదీ చూడటం ఒకటి. అదే వరుసలో ఎక్కడో 14వ అంశంగా ‘మూత్రం వచ్చాకే బెలూన్ నింపారు’ అని కూడా ఉంటుంది, దానికీ ఒకటే మార్కు. పైపు ఊడిపోకుండా మూత్రాశయంలో నిలిపేది ఆ బెలూనే.

ఈ పట్టీ మీద ఇద్దరు విద్యార్థులను నడిపి చూద్దాం. మొదటి అభ్యర్థి మాటతీరు చక్కగా ఉంది, ట్రే సర్దడం ముచ్చటగా ఉంది, గ్లోవ్స్ తప్పు లేకుండా వేసుకున్నాడు. పైపును 12 సెంటీమీటర్ల దాకా తోసి, మూత్రం కోసం చూడకుండా సిరంజి పెట్టి 10 మిల్లీలీటర్లు ఎక్కించేశాడు. పోయింది ఒక్క మార్కు. 20కి 19. రెండో అభ్యర్థి కంగారులో పరిచయం మరిచిపోయింది, తెర లాగలేదు, తేదీ చూడలేదు, సమయం చాలక రికార్డు రాయలేదు. ఇలా చిన్నవన్నీ కలిపి తొమ్మిది మార్కులు పోయాయి. కానీ పైపును వెనుక కొన రెండుగా చీలే వై దాకా పంపింది, మూత్రం చూసింది, అప్పుడే బెలూన్ నింపింది. 20కి 11, అంటే 55 శాతం, ఫెయిల్. రేపు క్యాజువాల్టీలో మీ నాన్నగారికి పైపు వేయాల్సి వస్తే వీళ్లిద్దరిలో ఎవరిని పిలుస్తారో చెప్పనక్కర్లేదు. పట్టీ మాత్రం రెండో మనిషిని ఆపేసి మొదటి మనిషిని పంపించింది.

1975లో డండీలో హార్డెన్ బృందం ఓస్కీని ముందుకు తెచ్చింది పరీక్షకుడి ఇష్టాయిష్టాలను పక్కన పెట్టడానికి. అందరికీ ఒకే పని, ఒకే పట్టీ. అయితే పట్టీలో అన్ని అంశాలకూ ఒకే బరువు ఉండాలని ఆ పద్ధతి ఎక్కడా అడగదు. కింద వివరించేది పై పట్టీని విప్పి మళ్లీ కట్టిన స్టేషన్. ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్, ఇంటర్న్‌షిప్ స్థాయికి ఉద్దేశించింది. బీఎస్సీ నర్సింగ్‌కూ కొద్ది మార్పులతో సరిపోతుంది.

కేసు ఎలా రాయాలి

తలుపు మీద అంటించే కాగితంలో ఇంతే ఉండాలి: ‘64 ఏళ్ల రైతు. రాత్రి నుంచి, అంటే పది గంటలుగా మూత్రం రాలేదు. పొత్తికడుపులో మూత్రాశయం బొడ్డు దాకా చేతికి తగులుతోంది. యూరినరీ క్యాథెటర్ వేసి, కేస్ షీట్‌లో రికార్డు రాయండి. సహాయకుడు లేరు. బొమ్మ మీద చేయలేని పనిని నోటితో చెప్పండి. ప్యాకెట్లన్నీ స్టెరైల్ అనే అనుకోండి. సమయం 9 నిమిషాలు.’

ఆఖరి మూడు వాక్యాలు లేకపోతే గొడవలు ఖాయం. వాడిన క్యాథెటర్లను మళ్లీ ప్యాక్ చేసి పెడతాం కాబట్టి కవరు కాస్త తెరిచి ఉండొచ్చు. ‘ప్యాకెట్ చిరిగింది, ఇది వాడను’ అని తెలివైన విద్యార్థి ఆగిపోతే, అతను చెప్పింది నిజమే, కానీ స్టేషన్ అక్కడే ఆగిపోతుంది. పురుషాంగం ముందు చర్మం లేని బొమ్మలు చాలా ల్యాబుల్లో ఉన్నాయి. దాన్ని వెనక్కి లాగడం, తిరిగి ముందుకు తేవడం నోటితో చెప్పాల్సిందే. ‘ముందు చర్మం గురించి చెప్పండి’ అని రాస్తే జవాబు ఇచ్చేసినట్టే. అందుకే ‘చేయలేని పనిని చెప్పండి’ అని మాత్రం రాయాలి.

పురుషుడి కేసునే ఎంచుకోవడానికి కారణం ఉంది. స్త్రీలలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. అక్కడ ప్రధానమైన తప్పు దారి తప్పి యోనిలోకి పోవడం, అది బొమ్మ మీద కూడా కంటికి కనిపిస్తుంది. పురుషుల్లో దారి 18 నుంచి 20 సెంటీమీటర్లు, మధ్యలో వంపులు, స్ఫింక్టర్, ప్రోస్టేట్. దెబ్బ తగిలితే లోపల తగులుతుంది, బొమ్మ మీద పైకి కనిపించదు. పరీక్షించాల్సిన జాగ్రత్త ఇక్కడే ఎక్కువ. ఒకే స్టేషన్‌లో రెండు బొమ్మలూ పెట్టి రెండూ చేయమనడం మాత్రం వద్దు. అప్పుడు రెండూ సగంలోనే ఆగుతాయి.

సమయం లెక్క

ఐదు నిమిషాల సర్క్యూట్‌లో ఈ పనిని ఇరికించడం వల్లే సగం మంది బెలూన్ దగ్గరికి చేరరు. పని బాగా వచ్చిన సీనియర్ రెసిడెంట్‌తో చేయించి గడియారం చూడండి. మాట్లాడి సమ్మతి తీసుకోవడానికి ఒకటిన్నర నిమిషం, చేతులు కడిగి ట్రే సర్ది గ్లోవ్స్ వేసుకోవడానికి రెండు, శుభ్రం చేసి డ్రేప్ వేయడానికి ఒకటి, జెల్ ఎక్కించడానికి అర, పైపు పంపడానికి ఒకటిన్నర, బెలూన్‌కు అర, బ్యాగ్ కట్టి టేప్ వేయడానికి అర, వ్యర్థాలు వేసి రాయడానికి ఒకటి. మొత్తం ఎనిమిదిన్నర. జెల్ పనిచేయడానికి ఆగాల్సిన 3 నుంచి 5 నిమిషాలు ఇందులో లేవు. అభ్యర్థి ‘ఇన్ని నిమిషాలు ఆగుతాను’ అని చెప్పగానే ‘ఆ సమయం అయిపోయింది, కొనసాగించండి’ అని పరీక్షకుడు అనాలి. ఆ మాట పరీక్షకుడి కాగితంలో అచ్చు వేసి ఉండాలి. లేకపోతే ఒకరు అంటారు, ఒకరు అనరు.

కాబట్టి ఒక నిమిషం చదువుకోవడానికి, తొమ్మిది నిమిషాలు చేయడానికి, మొత్తం పది. సర్క్యూట్ అంతా ఐదు నిమిషాలదే అయితే దీన్ని రెండు ముక్కలు చేయండి. మొదటి ముక్కలో మాట, సమ్మతి, ట్రే. రెండో ముక్కలో అభ్యర్థి వచ్చేసరికి ట్రే సర్ది ఉంటుంది, డ్రేప్ వేసి ఉంటుంది, గ్లోవ్స్ వేసుకుని నేరుగా శుభ్రం చేయడంతో మొదలుపెడతారు. ఒక ముక్కలో తప్పు చేసిన వాళ్లకు రెండో ముక్కలో దాని దెబ్బ తగలదు, అదొక లాభం కూడా.

ట్రేలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

అవసరమైనవే పెడితే అది పరీక్ష కాదు, వంట గిన్నెలు అందించడం. క్యాథెటర్లు మూడు సైజులు పెట్టాలి: 12, 16, 22. బెలూన్ ఉండే ఈ ఫోలీ పైపు సైజు ఫ్రెంచ్ యూనిట్లలో ఉంటుంది, ఒక ఫ్రెంచ్ అంటే బయటి వ్యాసంలో మిల్లీమీటర్‌లో మూడో వంతు. వాల్వ్ రంగు చూసి కూడా గుర్తుపట్టొచ్చు: 12 తెలుపు, 14 ఆకుపచ్చ, 16 నారింజ, 18 ఎరుపు, 22 ఊదా. స్టెరైల్ వాటర్ యాంప్యూల్ పక్కనే నార్మల్ సెలైన్ కూడా పెట్టండి. సెలైన్‌తో బెలూన్ నింపితే సన్నని గొట్టంలో ఉప్పు పేరుకుని, తీసేటప్పుడు బెలూన్ దిగకపోవచ్చు. ఇది చదివి తెలుసుకున్న విద్యార్థి, నిజంగా చూసి తీసుకునే విద్యార్థి వేరు వేరు. ఆ రెండు యాంప్యూల్స్ పక్కపక్కన ఉంటేనే ఆ తేడా బయటపడుతుంది.

మన దగ్గర కొనుగోళ్లలో ఒక చిక్కు ఉంది. ప్రభుత్వ సరఫరాలో వచ్చే లేటెక్స్ క్యాథెటర్ల మీద తరచూ 30 మిల్లీలీటర్ల బెలూన్ అని ఉంటుంది. విద్యార్థులకు క్లాసులో 10 అని చెప్తాం. 30 అన్న బెలూన్‌లో 10 ఎక్కిస్తే అది సమంగా ఉబ్బక ఒక పక్కకు వాలొచ్చు. సరైన జవాబు ‘పైపు మీద రాసినంత’. పరీక్షలో ఈ మెలిక పెట్టి ఉపయోగం లేదు, వాదనలు పెరుగుతాయి. 10 మిల్లీలీటర్ల బెలూన్ ఉన్నవే కొని పెట్టి, పట్టీలో ‘పైపు మీద రాసిన కొలత చూసి’ అని రాస్తే సరిపోతుంది.

పాత పట్టీల్లో ‘వేయడానికి ముందు బెలూన్ ఉబ్బించి పరీక్షించారు’ అనే అంశం ఇంకా కనిపిస్తుంది. ముందే ఉబ్బిస్తే దించాక బెలూన్ ముడతలు పడి లోపల గీరుతుందని ఇప్పుడు చాలామంది వద్దంటారు, ముఖ్యంగా సిలికాన్ పైపులకు. కొందరు సీనియర్ సిస్టర్లు తప్పకుండా చేయిస్తారు. కాబట్టి చేసినా మార్కు లేదు, చేయకపోయినా కోత లేదు. పట్టీలోంచి ఆ వాక్యాన్ని కొట్టేయడమే మేలు.

వార్డుల్లో జైలోకెయిన్ జెల్లీ అనే 2 శాతం లిగ్నోకెయిన్ జెల్‌ను బొమ్మలోకి నిజంగా ఎక్కించకండి. రెండు మూడు రౌండ్లయ్యేసరికి అది లోపల ఎండి జిగురుగా మారి దారిని మూసేస్తుంది. తర్వాత వచ్చే వాళ్లంతా తోయాల్సి వస్తుంది, అది వాళ్ల తప్పుగా మార్కుల్లోకి ఎక్కుతుంది. బొమ్మ తయారీదారు ఇచ్చిన లూబ్రికెంట్‌ను సూది లేని 10 మిల్లీలీటర్ల సిరంజిలో నింపి, ‘లిగ్నోకెయిన్ 2 శాతం జెల్’ అని లేబుల్ అంటించండి. పొవిడోన్ అయోడిన్ కూడా అంతే, బొమ్మ చర్మానికి మరక పడితే పోదు. గిన్నెలో మామూలు నీళ్లు పోసి లేబుల్ వేస్తే చాలు.

రోగి నోరు, పరీక్షకుడి పెన్ను

బొమ్మకు నొప్పి రాదు. అసలు సమస్యంతా ఇదే. బెలూన్‌ను మూత్రనాళంలో ఉబ్బిస్తే మనిషి కేక వేస్తాడు, రక్తం వస్తుంది. బొమ్మ మాత్రం గమ్మున పడుకుంటుంది. అందుకే బొమ్మ తల దగ్గర తెర వెనుక కుర్చీలో ఒక సిమ్యులేటెడ్ పేషెంట్‌ను కూర్చోబెట్టాలి. డ్రామా అవసరం లేదు, నాలుగు వాక్యాలు వస్తే చాలు. మొదట్లో ‘డాక్టర్ గారూ, రాత్రి నుంచి ఒంటేలు రాలేదండీ, కడుపు పగిలిపోతోంది.’ ఏం చేస్తారో వివరించాక ‘నొప్పి పుడుతుందా అండీ?’ అడిగితే, ‘దెబ్బలేం తగల్లేదు, ఇంతకుముందెప్పుడూ పైపు వేయలేదు, మందులు పడకపోవడం ఏమీ లేదు.’ నాలుగోది ‘అమ్మా! మంట! మంట!’

ఆ నాలుగో వాక్యం ఎప్పుడు అనాలో తెర వెనుక ఉన్న మనిషికి కనిపించదు. పరీక్షకుడు పెన్నుతో ప్యాడ్ మీద రెండుసార్లు తడతాడు, అదే సంకేతం. రెండు సందర్భాల్లోనే తట్టాలి: ఆటంకం దగ్గర బలంగా తోస్తున్నప్పుడు, లేదా పైపు పూర్తిగా లోపలికి పోకముందే బెలూన్‌లోకి మొదటి రెండు మూడు మిల్లీలీటర్లు ఎక్కినప్పుడు. ఆ కేక తర్వాత అభ్యర్థి ఏం చేస్తాడన్నదే ఈ స్టేషన్‌లో అన్నిటికంటే విలువైన ఐదు సెకన్లు. ఆగి, నీళ్లు వెనక్కి లాగి, పైపును ఇంకా లోపలికి పంపేవాడు వేరు. ‘కొంచెం ఓర్చుకోండి, అయిపోయింది’ అంటూ మిగతా ఏడు మిల్లీలీటర్లు ఎక్కించేవాడు వేరు.

బొమ్మ మూత్రాశయంలో నీళ్లు ఉండాలి. పరీక్షకు ముందు రోజు ప్రతి బొమ్మలోనూ పైపును వై దాకా పంపి చూడండి. కొన్నిటిలో మూత్రాశయం కురచగా ఉండి మూడు నాలుగు సెంటీమీటర్ల ముందే ఆగిపోతుంది. అలాంటి బొమ్మ వాడక తప్పకపోతే ఎక్కడ ఆగుతుందో పరీక్షకుడి కాగితంలో రాయాలి.

మార్కుల పట్టీ, 30 మార్కులు

1. పరిచయం, రోగి పేరు, చేతి పట్టీ సరిచూడటం: 1
2. ఎందుకు, ఎలా వేస్తారో రోగికి అర్థమయ్యే తెలుగులో చెప్పి సమ్మతి తీసుకోవడం, తెర లాగడం: 2
3. పడనివి, దెబ్బలు, మూత్రంలో రక్తం, ఇంతకుముందు పైపు వేయడంలో ఇబ్బంది అడగడం: 2
4. 16 సైజు ఎంచుకుని ప్యాకెట్, తేదీ చూడటం: 1
5. చేతులు శుభ్రం చేసుకుని స్టెరైల్ గ్లోవ్స్ వేసుకోవడం: 1
6. సిరంజిలు, పైపు, బ్యాగ్ అందేలా ముందే సర్దుకోవడం: 1
7. ముందు చర్మం వెనక్కి లాగి, మూత్రం వచ్చే రంధ్రమైన మీటస్ నుంచి బయటికి శుభ్రం చేసి డ్రేప్ వేయడం: 1
8. పట్టుకున్న చేయి పైపును తాకకుండా, రెండో చేయి చివరిదాకా స్టెరైల్‌గా ఉంచడం: 3
9. సుమారు 10 మిల్లీలీటర్ల జెల్‌ను మెల్లగా లోపలికి ఎక్కించి, 3 నుంచి 5 నిమిషాలు ఆగుతానని చెప్పడం: 2
10. నిటారుగా పట్టుకుని మెల్లగా పంపడం, ఆటంకం వస్తే తోయకుండా ఆగడం: 3
11. మూత్రం రావడం చూసి, ఆ తర్వాత కూడా వై దాకా పంపడం: 4
12. స్టెరైల్ వాటర్‌తో, పైపు మీద రాసిన కొలత మేరకు, రోగి ముఖం చూస్తూ లేదా అడుగుతూ మెల్లగా బెలూన్ నింపి, తర్వాత పైపును ఆనేదాకా వెనక్కి తేవడం: 4
13. ముందు చర్మాన్ని తిరిగి ముందుకు తేవడం: 2
14. బ్యాగ్‌ను మూత్రాశయం కంటే కింద, నేలకు తగలకుండా కట్టి, పైపును తొడకు టేప్ వేయడం: 1
15. వ్యర్థాలు సరైన సంచిలో వేసి, రికార్డు రాయడం: 2

రెండు లేదా అంతకంటే ఎక్కువ మార్కులున్న ప్రతి అంశానికీ సగం మార్కు ఎప్పుడివ్వాలో రాసి ఉండాలి. 11వ అంశాన్నే చూడండి. మూత్రం చూసి వై దాకా పంపితే 4, మూత్రం కనిపించగానే అక్కడే ఆగిపోతే 2, రెండూ లేకపోతే 0. మూత్రం వచ్చాక కూడా ఎందుకు పంపాలని విద్యార్థులే కాదు, కొందరు పరీక్షకులూ అడుగుతారు. ఫోలీ పైపును చేతిలోకి తీసుకుని చూపించాలి. మూత్రం లోపలికి వచ్చే కన్ను కొన దగ్గర ఉంటుంది, బెలూన్ దాని వెనుక. కన్ను మూత్రాశయంలోకి అడుగు పెట్టగానే బ్యాగ్‌లోకి చుక్క పడుతుంది, బెలూన్ మాత్రం ఇంకా ప్రోస్టేట్ దగ్గరే ఉంటుంది. ‘మూత్రం వచ్చింది, బెలూన్ కొట్టేయ్’ అనే అలవాటు వార్డుల్లో ఇంత బలంగా ఉండటానికి కారణం చాలాసార్లు అదృష్టం కలిసొచ్చి ఏమీ కాకపోవడమే. పరీక్షకుడు చూడాల్సింది ఒక్కటే: సిరంజి పెట్టే క్షణంలో వై కొమ్ము మీటస్‌కు రెండు వేళ్ల దూరంలో ఉందా, లేదా.

రికార్డులో తేదీ, సమయం, సైజు, బెలూన్‌లో పోసిన నీళ్లు, వచ్చిన మూత్రం పరిమాణం, రంగు, పేరు, సంతకం ఉండాలి. నాలుగు కంటే తక్కువ ఉంటే సున్నా, నాలుగు ఐదు ఉంటే 1. బెలూన్‌లో ఎంత పోశారో రాయకపోతే వారం తర్వాత పైపు తీసే వాళ్లు ఎంత లాగాలో తెలియక నిలబడతారు. వ్యర్థాల సంగతి 2016 నియమాల ప్రకారమే: గ్లోవ్స్, పైపు, బ్యాగ్, సూది లేని సిరంజి ఎరుపు సంచిలోకి, తడిసిన గాజ్ గుడ్డ, దూది పసుపులోకి.

ఇప్పుడు ఆ ఇద్దరినీ ఈ పట్టీ మీద మళ్లీ నడపండి. మొదటి అభ్యర్థికి 11లో నాలుగూ 12లో నాలుగూ పోయాయి. 30కి 22. రెండో అభ్యర్థికి 1, 4, 6, 14లలో ఒక్కొక్కటి, 2లో ఒకటి, 15లో రెండు పోయాయి. 30కి 23. బరువులు మార్చినా ఇద్దరి మధ్య తేడా ఒక్క మార్కు! 73 శాతంతో మొదటి మనిషి హాయిగా పాస్. బరువులు మార్చడం అవసరమే, కానీ అది ఒక్కటే చాలదని ఈ లెక్కే చెబుతుంది. చిన్న చిన్న మంచి పనులు కూడబెట్టి పెద్ద ప్రమాదాన్ని కప్పుకునే వీలు ఉన్నంతకాలం ఎవరో ఒకరు కప్పుకుంటారు.

అందుకే పట్టీ కింద వేరే గడి ఉండాలి. మూడే ప్రమాదకర తప్పులు. ఒకటి, మూత్రాశయంలో లేని బెలూన్‌ను, రోగి కేక వేశాక కూడా నింపడం. రెండు, ఆటంకం దగ్గర కేక తర్వాత కూడా తోయడం. మూడు, పైపు లోపలికి పోయే భాగం స్టెరైల్ కానిదానికి తగిలినా అదే పైపు వేయడం. ఇందులో ఏ ఒక్కటి జరిగినా, మార్కులు ఎన్ని వచ్చినా ఆ స్టేషన్ ఫెయిల్. పరీక్ష మొత్తం ఫెయిల్ కాదు, స్కిల్ ల్యాబ్‌లో మళ్లీ నేర్చుకుని ఇదే స్టేషన్ మళ్లీ చేయాలి. మూడు దాటి ఈ జాబితా పెంచాలని ప్రతి మీటింగ్‌లో ఎవరో ఒకరు పట్టుబడతారు. పది ప్రమాదకర తప్పులు పెడితే పరీక్షకులు ఎవరినీ ఫెయిల్ చేయలేక గడినే పట్టించుకోవడం మానేస్తారు.

కేక విని వెంటనే ఆగి, నీళ్లు లాగేసి, పైపును వై దాకా పంపి మళ్లీ నింపిన అభ్యర్థికి గడిలో టిక్ పడదు. 11లో 2, 12లో 1. తప్పు చేశాడు, కానీ రోగి మాట విన్నాడు.

పాస్ మార్కు

60 శాతం అనే అంకె పాత అలవాటు తప్ప ఈ స్టేషన్ కష్టానికీ దానికీ సంబంధం లేదు. పట్టీతో పాటు పరీక్షకుడు చూసిన మొత్తం పనికి ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేయాలి: 1 స్పష్టంగా ఫెయిల్, 2 అటూ ఇటూ, 3 పాస్, 4 మంచిది, 5 చాలా మంచిది. ఇది పట్టీ కూడటానికి ముందే వేయాలి. తర్వాత అందరి మార్కులనూ ఈ అంకెల మీద పెట్టి సరళ రేఖ గీస్తారు, 2 దగ్గర ఆ రేఖ చూపే మార్కే పాస్ మార్కు. ఉదాహరణకు రేఖ ఇలా వస్తే:

```
మార్కు = 8 + 5 × అంకె
అంకె 2 దగ్గర: 8 + 10 = 18
```

30కి 18 పాస్ మార్కు. ఎక్సెల్‌లో `SLOPE`, `INTERCEPT` ఫంక్షన్లు చాలు. పదిహేను ఇరవై మందే ఉన్న బ్యాచ్‌లో ఒకరిద్దరి మార్కులు రేఖను అటూ ఇటూ లాగేస్తాయి, అక్కడ పరీక్షకులు ముందే కూర్చుని అంశం అంశంగా కట్ నిర్ణయించుకోవడం మంచిది.

చేతుల్లో కనిపించే తప్పులు

అన్నిటికంటే ఎక్కువగా మార్కులు పోయేది 8వ అంశంలో. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ చేత్తో పురుషాంగాన్ని పట్టుకున్న క్షణం నుంచి ఆ చేయి అపరిశుభ్రం, చివరిదాకా వదలకూడదు. శుభ్రం చేయడం అయ్యాక జెల్ సిరంజి మూత తీయడానికి రెండు చేతులూ కావాల్సి వస్తుంది. అక్కడే వదిలేస్తారు, మూత తీసి మళ్లీ పట్టుకుంటారు, ఈలోపు అదే ఎడమ చేయి పైపు కవరును కూడా తాకేస్తుంది. మూల కారణం 6వ అంశంలో ఉంది: మూతలు ముందే తీసి, పైపు లోపలి కవరు కొనను ముందే చించి పెట్టుకోలేదు. కాబట్టి 6లో మార్కు పోయిన వాళ్లకు 8లోనూ పోవడం కాకతాళీయం కాదు. విద్యార్థికి వెనక్కి చెప్పేటప్పుడు ‘స్టెరిలిటీ తప్పావు’ అనడం కంటే ‘మూత ముందే తీసి ఉంటే నీ చేయి వదలాల్సిన పని ఉండేది కాదు’ అని చెప్తే ఉపయోగం.

స్టెరైల్ గ్లోవ్స్ వేసుకున్నాక బయటి ప్యాకెట్లు చింపడం దీనికి తమ్ముడు. గ్లోవ్స్‌కు ముందు ట్రే మీదకు అన్నీ జారవిడవాలి. ‘స్టెరైల్‌గా చేస్తున్నాను’ అని నోటితో చెప్పి చేత్తో చేయని వాళ్లకు మార్కు లేదు. నోటితో చెప్పే వెసులుబాటు బొమ్మ మీద సాధ్యం కాని పనులకే.

జెల్‌ను పైపు కొనకు పూసి సరిపెట్టడం మరో తప్పు. అది స్త్రీలలో పైపు వేసేటప్పటి అలవాటు. పురుషుల్లో జెల్ దారి అంతా పరుచుకోవాలి, కొనకు పూసింది మీటస్ దగ్గరే తుడుచుకుపోతుంది. 9వ అంశంలో దీనికి సున్నా.

ఆటంకం దగ్గర ఏం చేయాలో చాలామందికి తెలియదు, ఎందుకంటే బొమ్మలు సాఫీగా పోతాయి. పోతున్న వాళ్లను పరీక్షకుడు సుమారు 15 సెంటీమీటర్ల దగ్గర ఆపి ‘ఇక్కడ ఆగిపోయింది’ అని ఒక్కసారి అనాలి, ప్రతి అభ్యర్థికీ అదే మాట. ఆశించేది ఇది: తోయడం ఆపడం, పురుషాంగాన్ని ఇంకొంచెం నిటారుగా లాగడం, రోగిని గట్టిగా ఊపిరి తీసుకోమని లేదా ఒంటేలుకు పోతున్నట్టు ముక్కమని అడగడం, మెల్లగా నిలకడగా ఒత్తడం. అయినా పోకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా సీనియర్‌ను పిలవడం. వెంటనే సన్న పైపు అడగడం ఈ కేసులో తప్పు దారి. ప్రోస్టేట్ దగ్గర సన్నని మెత్తని పైపు ఇంకా తేలిగ్గా మడతపడుతుంది. ఈ మాట ఆశ్చర్యంగా అనిపించే పరీక్షకులు కూడా ఉంటారు, అందుకే ఇది వాళ్ల కాగితంలో ఉండాలి.

13వ అంశం చేతుల్లోంచి జారిపోయేది అలసటతో. బెలూన్ నిండింది, మూత్రం వస్తోంది, పని అయిపోయిందనిపిస్తుంది. వెనక్కి లాగిన ముందు చర్మం అలాగే ఉండిపోతే వాచి బిగుసుకుంటుంది, పారాఫైమోసిస్. దీన్ని ప్రమాదకర తప్పుల్లో పెట్టనిది, చర్మం లేని బొమ్మ మీద కేవలం ఒక మాట మరిచినందుకు స్టేషన్ ఫెయిల్ చేయడం న్యాయం కాదని.

మాట దగ్గర ఒక చిన్న సంగతి. ‘నేను మీకు క్యాథెటరైజేషన్ ప్రొసీజర్ చేస్తాను, కన్సెంట్ ఇస్తారా’ అంటే 2వ అంశంలో ఒక మార్కే. ‘ఒంటేలు రావడానికి సన్న పైపు పెడతానండీ, ముందు మందు వేస్తాను, మంట తగ్గుతుంది, మీకు సరేనా?’ అంటే రెండు. రోగికి అర్థమైందో లేదో తెర వెనుక మనిషి వేలు ఎత్తి చూపొచ్చు.

పరీక్షకుల తప్పులు, రీసెట్

పరీక్షకులందరికీ ముందు వారం ఒకే వీడియో చూపించి, విడివిడిగా మార్కులు వేయించి, తేడా ఎక్కడ వచ్చిందో మాట్లాడుకోవాలి. తేడాలు 8, 10 అంశాల్లోనే ఎక్కువ వస్తాయి, ‘మెల్లగా’ అంటే ఎంత మెల్లగా అన్నది ఎవరి లెక్క వారిది కాబట్టి. ఇంకో అలవాటు, అభ్యర్థి ఖాళీగా నిలబడితే ‘పోస్ట్ ఆబ్‌స్ట్రక్టివ్ డైయూరిసిస్ అంటే ఏంటి?’ అని వైవా మొదలుపెట్టడం. అది వేరే స్టేషన్‌లో అడగొచ్చు.

ఇద్దరు అభ్యర్థుల మధ్య ఉండే ఒక్క నిమిషంలో నీళ్లు లాగి, పైపు తీసి, బొమ్మ తుడిచి, మూత్రాశయం నింపి, కొత్త ట్రే పెట్టడం ఒక మనిషి వల్ల కాదు. రెండు బొమ్మలు, రెండు ట్రేలు, ఒక సహాయకుడు ఉండాలి. ఒకటి వాడుతుంటే ఇంకోటి సిద్ధమవుతుంది. రెండో బొమ్మ లేకపోతే సర్క్యూట్‌లో దీని తర్వాత ఒక విశ్రాంతి స్టేషన్ పెట్టినా లాభం లేదు, ఎందుకంటే వెనుక వాళ్లు వస్తూనే ఉంటారు. అప్పుడు చేయాల్సింది ప్రతి ఇద్దరు అభ్యర్థుల మధ్య ఒక ఖాళీ ఉంచి, సర్క్యూట్‌లో నడిచే వాళ్లను సగానికి తగ్గించడం. మళ్లీ వాడే క్యాథెటర్లలో బెలూన్ కారుతోందేమో ప్రతి రౌండ్ మధ్యలో చూడండి. కారే బెలూన్‌తో పైపును వెనక్కి లాగితే ఊడి చేతిలోకి వచ్చేస్తుంది, తప్పు లేని అభ్యర్థి బిక్కమొహం వేస్తాడు. అలా జరిగితే 12లో మార్కు కోయకుండా, పైపు సంగతి పట్టీ వెనుక రాయాలి.